టోకెన్ తెచ్చినవాళ్ళకి పాప

"పాపను పంపక్కా" అని ఆమె అన్నప్పుడు నేను గుమ్మం ముందు తీగ మీది బట్టలు తీస్తున్నాను. పడమటి వైపు మబ్బు కమ్మింది. చేతిలో మా వాడి స్కూలు చొక్కా ఉంది. ఆమె వైపు తిరిగి నవ్వబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పాపను కాసేపటి క్రితమే పంపేశాను. చిలక బొమ్మ టోకెన్లు రెండూ వంటింటి గూట్లో డబ్బాలో పడి ఉన్నాయి.

ఆమె మొహంలో ఇంకా ఏమీ లేదు. కొంగుతో మెడ తుడుచుకుంటోంది. జుట్టు నిండా పత్తి నూగు. ఏదో జరిగిందని నాకు తెలిసి, ఆమెకు ఇంకా తెలియని ఆ నాలుగు ఊపిర్ల సేపు ఎంత పొడుగ్గా సాగిందో నేను ఎవరికీ చెప్పలేను. ఇప్పుడు పిల్లలిద్దరూ పడుకున్నాక, ఫ్యాను చప్పుడు వింటూ రాస్తుంటే మళ్ళీ ఆ చొక్కా తడి చేతికి తగులుతోంది.

మా ఇల్లు ఆదోనిలో మార్కెట్ యార్డు వెనక సందులో ఉంది. నా భర్త జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్. నాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇంటి పిల్లని. డిగ్రీ చదివాను. పెళ్ళయ్యాక ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, భయాలు. భయాలు నాకు ముందు నుంచే ఎక్కువ. గ్యాస్ కట్టేశానా అని బస్సు దిగి వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

ఎమ్మిగనూరు రోడ్డు మీద, యార్డు గేటు పక్కన ఒక టీ కొట్టు ఉంది. అక్కడే పాల ప్యాకెట్లు కూడా అమ్ముతారు. పొద్దున్నే చిన్నదాన్ని చంకనేసుకుని పాలకు వెళ్ళడం నా అలవాటు. ఆ కొట్టులో, బెంచీ చివర, ఒక పెద్దాయన కూర్చునేవాడు. కాలువల మీద ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. అందరూ ఇంజనీరు సారు అంటారు. ధరలు రాయడానికి కొట్టాయన నల్లరంగు వేసి పెట్టిన రేకు ఉంది. దాని పై సగం టీ, కాఫీ, బన్ను. కింది సగం సారుది. ఎవరైనా వచ్చి ఏదైనా బాధ చెప్పుకుంటే సారు సుద్దముక్క తీసేవాడు. ఆ బాధ మీద ఏ వ్యాపారం నిలబడుతుందో గీసి చూపించేవాడు. సాయంత్రానికి తడిగుడ్డతో తుడిచేసేవాడు.

"ఈ సారు ఈడ కూసోని దినామూ ఒక కంపెనీ పెడతాడు, పొద్దు మునిగేలోగా మూసేస్తాడు" అని కొట్టాయన ఎగతాళి చేసేవాడు.

"మూసేదానికి నాకు ఒక గుడ్డ సాలు. నీ కొట్టు మూయల్లంటే తాళం గూడా కావల్ల" అనేవాడు సారు.

ఒకరోజు ఒక హమాలీ, "సారూ, నా పెండ్లాం పొద్దున్నుంచి నస పెడతాంది. దానికో కంపెనీ గీయి" అన్నాడు.

"గీస్తా. ముందు ఆమెను పిల్సకరా. బాధ ఎవరిదో తేలల్ల గదా" అన్నాడు సారు. బెంచీ అంతా నవ్వింది. హమాలీ కూడా నవ్వాడు, కానీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నవ్వులాటలా కనిపించినా ఆయన పద్ధతి పద్ధతే. రేకు మీద నాలుగు గళ్ళు గీస్తాడు. బాధ ఎవరిది. ఎన్నాళ్ళకొకసారి వస్తుంది. ఇప్పుడు వాళ్ళు దానికి ఏం చేసుకుంటున్నారు. అలా చేసుకోవడంలో ఏం పోగొట్టుకుంటున్నారు. మూడో గడి దగ్గర ఎక్కువసేపు ఆగేవాడు. "ఏమీ సేసుకోకుండా ఊరికే ఉంటే అది బాధ గాదప్పా, ముచ్చట" అనేవాడు. నాలుగూ నిండాక ఒక ప్రశ్న: ఇందులో ఏ ఒక్కటి అబద్ధమైతే మొత్తం కూలిపోతుంది? ఆ ఒక్కదాన్ని పైసా ఖర్చు లేకుండా రేపే ఎలా పరీక్షించాలి?

ఆటో నడిపే ఒకతను ఎమ్మిగనూరు నుంచి ఖాళీగా తిరిగి రావాల్సి వస్తోందని వాపోయాడు. సారు మగ్గాల వాళ్ళ చీరల మూటలు గీశాడు. వచ్చేటప్పుడు ఆదోని దుకాణాలకు అవి వేసుకురావచ్చు. "రేపు ముగ్గురు నేతగాళ్ళను అడుగు. బాగుందప్పా అంటే అది లెక్కలేకి రాదు. మూట తెచ్చి నీ ఆటోలో పెడితేనే లెక్క." రెండు రోజుల తర్వాత ఆటో అతను వచ్చి, అందరూ బాగుందన్నారనీ ఎవరూ మూట ఇవ్వలేదనీ చెప్పాడు. సరుకు పంపేది నేతగాళ్ళు కాదు, నూలిచ్చి నేయించుకునే షావుకార్లు. వాళ్ళకు వాళ్ళ మనుషులున్నారు. మా అమ్మను అడిగుంటే ఆ మాట మొదటిరోజే చెప్పేది. సారు ఏమాత్రం నొచ్చుకోకుండా గుడ్డ అందుకున్నాడు. "ఒక బండి కొనకముందే తెలిసిపాయ. మంచిదే."

నా వంతు ఆ చలికాలం మొదట్లో వచ్చింది. పత్తి రాక పెరిగి యార్డు తెల్లగా నిండిపోయింది. పాలకు వెళ్ళినప్పుడు ముగ్గురు ఆడకూలీలు టీ తాగుతున్నారు. పత్తి ఏరి, కుప్ప చేసి, మూటలకెత్తే పని వాళ్ళది. అందరూ ఒకే ముఠా. అందులో ఒకామె రెండున్నరేళ్ళ పాపను కాళ్ళ మధ్య ఇరికించుకుని నిలబడింది. పక్కన ఎనిమిదేళ్ళ పెద్దపిల్ల, స్కూలుకు పోకుండా.

"అంగనవాడి మధ్యాన్నానికి అయిపోతాది. మా పని తూకమయ్యేదాకా ఉంటాది. లారీలు ఎనక్కి వస్తాంటాయి. ఈ బుడ్డదాన్ని యాడ పెట్టుకోవల్ల? అందుకే పెద్దదాన్ని ఇస్కూలు మాన్పించినా" అంది ఆమె.

సారు సుద్దముక్క తీశాడు. మూడో గడిలో ఒక చిన్న ఆడపిల్ల బొమ్మ గీశాడు. "ఇప్పుడు వీళ్ళు సేసుకుంటాండేది ఇదీ. ఈ అక్క. పోతాండేది ఈ పిల్ల సదువు." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు ఇంట్లోనే ఉంటావు గదమ్మా? ఇల్లు ఎనక సందే గదా?"

నేను ఇల్లు చిన్నదన్నాను. ఆయన ఇల్లు గీయలేదు. రెండు చేతులు గీశాడు.

"గది ఎంత పెద్దదని గాదు. చేతులెన్ని అనేదే లెక్క. మూడేండ్లలోపు పిల్లోళ్ళు ఒక మనిషికి నలుగురు. నీ చిన్నదాన్ని గూడా అందులో కలుపు. ఐదోది వస్తే కష్టపడి చూస్తావు. ఆరోది వస్తే ఇంకో మనిషి కావల్ల. ఆ మనిషి కూలి ఆ ఒక్క పిల్ల మీద రాదు, నీ సొంతం నుంచి పోతాది. అందుకని ఐదు కాడ ఆగు, లేదంటే ఒకేసారి ఎనిమిదికి పో. మధ్యలో నిలబడినోళ్ళే మునిగేది."

ఇంకా చాలా చెప్పాడు. గది అద్దెకు తీసుకోవద్దు, పత్తి అయిపోగానే యార్డు ఖాళీ అవుతుంది. వీళ్ళకు కూలి ఏ రోజుది ఆ రోజే వస్తుంది, నువ్వూ ఏ రోజుది ఆ రోజే తీసుకో. ఎప్పుడు ఆపాలో మొదలుపెట్టకముందే అనుకో, తర్వాత మనసు రాదు. ఆపడానికి రెండు గుర్తులు రేకు అంచున రాశాడు. మూడో రోజుకు తల్లులు తమంతట తాము రాకపోతే ఆపు. ఏ పిల్లకైనా ప్రాణం మీదికి వస్తే ఆపు.

కూలిపోయేది ఎక్కడంటే, తెలియని మనిషి దగ్గర తల్లి బిడ్డను వదులుతుందా అన్నదే. ఒక పూట వదిలి చూడమన్నాడు.

మరి పిల్లలను ఎవరికి అప్పగించాలి? తల్లులందరి మొహాలూ నాకు తెలియవు. సారు ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళలో చెప్పులు పెట్టే చోటు గుర్తు చేశాడు. జత టోకెన్లు, ఒకటి చెప్పులకు, ఒకటి మన చేతికి. మా ఇంట్లో కూడా అలాగే చేద్దామన్నాడు. చదువురాని వాళ్ళకు అంకెలు కుదరవని బొమ్మలు పెట్టాం. అట్టముక్కల మీద చిలక, లారీ, మామిడికాయ, గంట. ఒకటి పిల్ల గౌనుకు పిన్నుతో, ఒకటి తల్లి దగ్గర. సాయంత్రం టోకెన్ తెచ్చి ఇస్తే, రెండూ కలిపి చూసి పిల్లను పంపాలి. టోకెన్ తెచ్చినవాళ్ళకే పాప. ఆ నియమం విన్నప్పుడు నాకు నిజంగా ధైర్యం వచ్చింది. నాలాంటి భయస్తురాలికి అంతకన్నా గట్టి గొళ్ళెం ఏముంటుంది అనుకున్నాను.

మొదటిరోజు ఆ పాప ఒక్కతే వచ్చింది, చిలక టోకెన్ పాప. మధ్యాహ్నం దాకా ఏడ్చింది, తర్వాత మా చిన్నదాని పలక లాక్కుని ఊరుకుంది. వారం తిరిగేసరికి నా చేతులు నిండిపోయాయి. ఉగ్గిన్నెలు, తడిసిన గుడ్డలు, ఒకడు నిద్రపోతే ఇంకొకడు లేవడం. అలసిపోయేదాన్ని, కానీ భయపడలేదు. నాకు వచ్చిన పని ఇదే అని తెలుస్తోంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆ పాప అక్క మళ్ళీ స్కూలుకు వెళ్ళింది. పొద్దున మా వాడితో కలిసి సందు మలుపు దాకా నడిచేది, రెండు జడలకూ రెండు రంగుల రిబ్బన్లు. సారు రేకు మీద మళ్ళీ నాలుగు గళ్ళూ, పక్కన టోకెన్ బొమ్మా గీసి, ఆ ఆడపిల్లను ఈసారి నాలుగో గడి దాటించి, చేతికి సంచి ఇచ్చి గీశాడు. సాయంత్రం దాన్ని మాత్రం తుడవలేదు.

ఆ మబ్బు రోజున, పని ముగియడానికి ఇంకా సమయం ఉండగానే ఒక కొత్తామె వచ్చింది. చిప్పగిరి వైపు నుంచి ఆ వారమే ముఠాలో చేరిందట. చేతిలో అందరి టోకెన్లూ ఉన్నాయి. "వాన వస్తాంది, మేస్త్రమ్మ పిల్లోళ్ళను తీసుకరమ్మనె" అంది. మేస్త్రమ్మ అంటే ముఠాను నడిపే పెద్దావిడ. బొమ్మలన్నీ కలిశాయి. చిలక పాప ఏడ్చింది. పాపలు దాదాపు రోజూ ఏడుస్తారు. పంపాను.

ఇప్పుడు ఆ పాప తల్లి గుమ్మంలో ఉంది.

"నీ టోకెన్ ఏది?" అన్నాను.

"మేస్త్రమ్మ కాడ ఉండాదిక్కా. గంప ఎత్తేటప్పుడు పడిపోతాదని పొద్దున్నే అందరివీ ఆమె కొంగుకు కట్టుకుంటాది. నా మొగం నీకు తెలుసు గదా అని నేరుగా వచ్చినా. ఈ పొద్దు నన్ను యార్డులోనే వేరే అంగడి కాడికి పంపినారు."

"కొత్తామె వచ్చి తీసుకెళ్ళింది. పిల్లలందరినీ. యార్డుకే."

"ఎవురు, ఈ వారం చేరినామెనా?"

నా చిన్నదాన్ని పక్కింటామె చేతిలో పెట్టి ఇద్దరం పరుగెత్తాం. తొలి చినుకులు పడుతున్నాయి. యార్డంతా అరుపులు. కుప్పల మీద టార్పాలిన్లు లాగుతున్నారు, మనుషులు మూలలకు రాళ్ళు పెడుతున్నారు, రెండు లారీలు షెడ్డు కిందికి వెనక్కి వస్తున్నాయి. కొత్తామె ఒక టార్పాలిన్ కొస పట్టుకుని ఉంది. పిల్లలను షెడ్డు స్తంభం దగ్గర సంచుల మీద కూర్చోబెట్టిందట. టార్పాలిన్ పట్టమని ఎవరో పిలిస్తే పోయింది. లారీ, మామిడికాయ, గంట టోకెన్ల పిల్లలు అక్కడే ఉన్నారు. చిలక లేదు.

తల్లి నేల మీద కూలబడి అరిచింది. నేను అరవలేదు. నా లోపల అంతా నిదానమైపోయింది. ఏళ్ళ తరబడి జరగని ప్రమాదాలన్నీ మనసులో చూసుకుంటూ వచ్చాను కదా, ఇప్పుడు ఒకటి నిజంగా ఎదురుగా ఉంటే ఏం చేయాలో వరసగా కనిపించింది. ముందు లారీలు. డ్రైవరు తలుపు మీద చేత్తో బాదాను. "ఇంజను ఆపన్నా! పాప కనపడటం లేదు. ఆపు!" రెండో లారీ ముందు మేస్త్రమ్మ నిలబడింది. తర్వాత కుప్పలు. "ఎవరూ కుప్ప ఎక్కొద్దు! పట్టలు లాగొద్దు, ఎత్తండి!" అని నా గొంతు చినిగేలా అరిచాను. తడుస్తున్న పత్తి ఎవరిదో, ఆ రైతు కూడా పట్ట వదిలేసి వచ్చాడు.

ఆ పాప మా ఇంట్లో నిద్ర వస్తే ఎక్కడికి పోతుంది? మంచం వెనక్కి. గోడకూ మెత్తటిదానికీ మధ్య. చప్పుడంటే దానికి పడదు. షెడ్డు వెనక గోడకు ఆనుకున్న కుప్ప దగ్గరికి పోయి టార్పాలిన్ అంచు ఎత్తాను. గోడ సందులో, పత్తిలో నడుము దాకా దిగబడి, నోరు తెరిచి నిద్రపోతోంది. ఇంకొకరు ఆ పట్టను గోడ దాకా లాగి బిగించి ఉంటే, ఆ పక్క నుంచి కుప్ప జారి ఉంటే… ఆ తర్వాతి మాట నేను రాయను. పాపను తీసి తల్లి చేతుల్లో పెట్టాను. పాప లేచి, వాన చూసి, చాలా కోపంగా ఏడ్చింది.

వాన తగ్గాక టీ కొట్టు దగ్గర అందరం చేరాం. నా భర్త కూడా మిల్లు నుంచి వచ్చాడు. నా చెయ్యి వదల్లేదు. సారు అప్పటికే విన్నాడు. మొహం పాలిపోయి ఉంది. చేతిలో తడిగుడ్డ.

"రేకు అంచున రాసినాం గదమ్మా. ప్రాణం మీదికి వస్తే ఆపల్ల. ఇది నా గీత. నేనే తుడుస్తా."

"తుడవొద్దు సార్" అన్నాను.

"తప్పు నాది. చెప్పుల లెక్క బిడ్డలకు పెట్టినా."

"అవును సార్, చెప్పుల లెక్కే. ఉరుకుందలో ఇంటిల్లిపాది టోకెన్లూ ఒకరే తీసుకుపోయి అందరి చెప్పులూ తెస్తారు. వీళ్ళూ అదే చేశారు. చెప్పులు ఎవరు తెచ్చినా చెప్పులే. అక్కడొక్కచోటే విరిగింది. మిగతాది విరగలేదు."

మేస్త్రమ్మ అందుకుంది. "మేం మొదట్నుంచీ అంతే సారూ. కూలి డబ్బులు, మాత్రలు, తాళాలు, అన్నీ నా కొంగుకే. టోకెన్ గూడా అంతే అనుకుంటిమి. అది పోగొట్టుకుంటే బిడ్డను ఇయ్యరని భయం గదా."

"మీరే సార్ చెప్పేవారు, కాలువ బాగుందా అని తూము దగ్గరున్నవాణ్ణి అడగొద్దు, ఆఖరి మడి రైతును అడగమని. మనం దింపే తల్లులను అడిగాం. సాయంత్రం తీసుకుపోయేది ఎవరని అడగలేదు" అన్నాను నేను.

ఆయన గుడ్డ పక్కన పెట్టి సుద్దముక్క నా చేతికిచ్చాడు.

"గీయి."

ఆ కొట్టులో ఆడమనిషి రేకు మీద గీయడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. టోకెన్ బొమ్మ కొట్టేశాను. దాని చోట మొహం గీశాను. ప్రతి పిల్లకూ ఇద్దరే మనుషులు, తల్లీ, ఇంకొకరూ. ఆ ఇంకొకరు ముందే ఒకరోజు తల్లితో కలిసి మా ఇంటికి రావాలి, పిల్లను ఎత్తుకోవాలి. పిల్ల చేతులు చాచి వాళ్ళ దగ్గరికి పోతే సరే. పోకపోతే ఇంకొకరిని చూసుకోవాలి. వాన వచ్చినా, తూకం ముందే అయినా, గొడవైనా, పిల్లలు యార్డుకు పోరు. తల్లి పని అయ్యేదాకా నా దగ్గరే. చీకటైనా నా దగ్గరే. మేస్త్రమ్మ కొంగుకు తాళాలు కట్టుకోవచ్చు, బిడ్డలను కాదు.

"అది బాగుండాది" అంది మేస్త్రమ్మ.

"బాగుండాది అంటే లెక్కలేకి రాదు" అన్నాడు సారు, అలవాటుగా. ఆ తర్వాత అందరం చిలక పాప తల్లి వైపు చూశాం.

ఆమె బెంచీ మీద కూర్చుని పాప జుట్టులోని నూగు ఏరుతోంది. పెద్దపిల్ల స్కూలు సంచితోనే వచ్చి పక్కన నిలబడింది. తల్లి ఏమంటుందో దాని మీదే ఆ పిల్ల రేపు ఎటు నడుస్తుందో ఉంది. నా రోజులు కూడా.

"ఈ పొద్దు నన్నేమీ అడగొద్దక్కా" అంది తల్లి. పాపను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పెద్దపిల్ల వెనకే.

ఇంటికొచ్చాక నా భర్త, "ఆపేద్దామంటే ఆపేద్దాం. ఎవరూ నిన్నేమీ అనరు" అన్నాడు.

"ఆమె తీసుకురాకపోతే ఆపేస్తా. తెస్తే ఆపను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మామూలుగా అయితే ఆ రాత్రంతా అది ఇలా అయి ఉంటే, అలా అయి ఉంటే అని దొర్లేదాన్ని. ఆ రాత్రి మాత్రం నిద్రపోయాను.

పొద్దున వాకిలి ఊడుస్తుంటే సందు మలుపులో వాళ్ళు కనిపించారు. తల్లి, చంకలో పాప, పక్కన ముసలామె ఒకరు. వాళ్ళ వెనక పెద్దపిల్ల, సంచి తగిలించుకుని, జడలు వేసుకుని.

"మా అత్త" అంది తల్లి, గుమ్మం బయటే ఆగి. "నేను రాకుంటే ఈమె వస్తాది. ఇంకెవురూ రారు. మొగం బాగా సూసుకో."

చూశాను. ముసలామె కుడి కన్ను పక్కన మచ్చ, పై పెదవి మీద ముడతలు, వక్క నమిలిన నోరు, అన్నీ చూశాను. ఆమె చేతులు చాచింది. పాప తల్లి చంక నుంచి ఆమె మీదికి దూకింది, అక్కడి నుంచి ఒక్క క్షణం ఆలోచించి నా మీదికి.

లోపల నా పిల్లలిద్దరూ పాలు తాగుతున్నారు. మా వాడికి నిన్నటి సంగతి సగం తెలుసు, మిగతా సగం అడగాలని నోరు తెరిచాడు. పాపను కింద దించి వాళ్ళ పక్కన కూర్చున్నాను.

"నిన్న ఏమైందని దీన్ని అడగొద్దు. ఈరోజు ఇది మంచం వెనక్కి పోతే పోనివ్వండి, కానీ పోయిందని నాకు చెప్పండి. బయట ఎవరు పిలిచినా, తెలిసినవాళ్ళైనా, తలుపు నేనే తీస్తాను. మీరు తీయొద్దు. నువ్వు త్వరగా పాలు తాగు, బయట అక్క నీకోసం నిలబడి ఉంది, ఇద్దరికీ స్కూలుకు ఆలస్యమవుతోంది."